పన్నుతో కలిపిన బిల్లులోంచి అసలు ధర తీయడం: మొత్తంలో 18 శాతం కోస్తే లెక్క ఎందుకు కలవదు

ప్రశ్న: నల్లగొండ దగ్గర మా ఊళ్లో ఇల్లు కట్టుకుంటున్నాం. ఇనుము, సిమెంటు కొన్న బిల్లులో మొత్తం రూ. 47,200 అనీ, "జీఎస్టీ 18 శాతం కలిపి" అనీ మాత్రమే ఉంది. సరుకు అసలు ధర ఎంతో చూద్దామని 18 శాతం తీసేస్తే 38,704 వచ్చింది. షాపు ఆయన మాత్రం అసలు ధర 40,000 అంటున్నారు. 1,296 రూపాయల తేడా ఎక్కడిది? నా లెక్క తప్పా, ఆయన మాట తప్పా?

జవాబు:

షాపు ఆయన చెప్పిందే సరైన లెక్క. నా మాట నమ్మనక్కర్లేదు, మీకు వచ్చిన 38,704కు మీరే 18 శాతం పన్ను వేసి చూడండి. పన్ను 6,966.72 అవుతుంది. రెండూ కలిపితే 45,670.72. మీరు కట్టింది 47,200. అంటే మీ లెక్క వెనక్కి తిప్పితే మొదలుపెట్టిన చోటికి చేరడం లేదు. అదే 40,000కు 18 శాతం వేస్తే 7,200, కలిపితే సరిగ్గా 47,200.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. నల్లగొండలో ఇనుము, సిమెంటు అమ్మే షాపులో చాలా ఏళ్లుగా పద్దులు రాస్తున్నాను. ఇదే పొరపాటు నేనూ చేశాను, అదీ జీతం తీసుకుని మరీ చేశాను. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన తర్వాత కొన్ని వారాలకు జరిగిన సంగతి ఇది. ఒక కాంట్రాక్టరు ఇనుము కొన్నారు. మా యజమాని, ఆయన కూర్చుని టీ తాగుతూ "పన్నుతో కలిపి మొత్తం 1,47,500" అని మాట అనుకున్నారు. బిల్లు కొట్టే పని నాది. కొత్త సాఫ్ట్‌వేరులో పన్ను లేని ధర ఎక్కిస్తే పన్ను అదే వేసుకుంటుంది. కాబట్టి నేను ముందు పన్ను తీసేయాలి. క్యాలిక్యులేటర్ తీసి 1,47,500లో 18 శాతం, అంటే 26,550 తీసేశాను. మిగిలిన 1,20,950ని అసలు ధరగా ఎక్కించాను. సాఫ్ట్‌వేరు దాని మీద 21,771 పన్ను వేసి, మొత్తం 1,42,721 అని బిల్లు ఇచ్చింది. నేను కింద మొత్తం చూడకుండానే ముద్ర వేసి పంపాను. కాంట్రాక్టరు చాలా నిజాయితీపరుడు, బిల్లులో ఎంత ఉందో పైసా తగ్గకుండా అంతే కట్టారు! మాకు తగ్గింది 4,779 రూపాయలు. ఆ రోజు రాత్రి షట్టరు దించాక పద్దు సరిచూస్తుంటే బయటపడింది. యజమాని నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఆ 4,779ని తర్వాత తీరిగ్గా చూస్తే ఒక విషయం తెలిసింది. అది 1,47,500లో సరిగ్గా నూటికి 3.24. మీరు కట్టిన 47,200 నుంచి, మీ లెక్క వెనక్కి తిప్పితే వచ్చిన 45,670.72 తీసేయండి. 1,529.28 మిగులుతుంది, అది కూడా 47,200లో నూటికి 3.24నే. 18 శాతం దగ్గర ఈ తప్పు చేస్తే తగ్గేది ఎప్పుడూ ఇంతే, ఎందుకంటే 18లో 18 శాతం 3.24. ఎప్పుడైనా బిల్లు మొత్తానికి, మాట అనుకున్న మొత్తానికి మధ్య నూటికి మూడుంబావు తేడా కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కర్లేదు, ఎవరో మొత్తం మీద 18 శాతం కోశారు.

అసలు ఇలా కోయాలని మనకు ఎందుకు తోస్తుంది? నాకు తోచిన కారణం ఒకటుంది. మనం పెరిగిన చోట కోతలన్నీ మొత్తం మీదే జరుగుతాయి. బత్తాయి తోటకు కొనుగోలుదారు వచ్చి తూకం వేస్తే, తూగినదాంట్లోంచి తరుగు తీస్తారు. మార్కెట్ యార్డులో అడ్తిదారు కమీషను చేతికి రావాల్సిన మొత్తంలోంచే పోతుంది. నూటికి ఇంత అంటే, కళ్ల ముందున్న నూరులోంచి తీసేది అనే అలవాటు పడిపోయింది. జీఎస్టీ అలా కాదు. అది తీసేది కాదు, పైన వేసేది. నూరు రూపాయల సరుకు మీద 18 వేస్తే మీరు 118 ఇచ్చారు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది నూరు కాదు, 118. అందులో పన్ను 118కి 18 పాళ్లు, సరుకు 118కి నూరు పాళ్లు. మీరు 47,200లో 18 శాతం తీసినప్పుడు సరుకు మీదే కాక, అందులో అప్పటికే ఉన్న 7,200 పన్ను మీద కూడా 18 శాతం తీశారు. 7,200లో 18 శాతం 1,296. మీరు అడిగిన తేడా సరిగ్గా అదే.

కాబట్టి చేయాల్సింది తీసివేత కాదు, భాగహారం. మొత్తాన్ని 118తో భాగించి 100తో హెచ్చిస్తే అసలు ధర, 18తో హెచ్చిస్తే పన్ను. ఫోనులో అయితే 47200ని 1.18తో భాగిస్తే చాలు, 40,000 వస్తుంది. మొత్తంలోంచి అది తీసేస్తే పన్ను. ఇది షాపుల వాళ్లు కనిపెట్టిన చిట్కా కాదు. కేంద్ర జీఎస్టీ నిబంధనల్లో 35వ నిబంధన ఈ సూత్రాన్నే చెబుతుంది: పన్నుతో కలిపిన విలువను పన్ను శాతంతో హెచ్చించి, నూరుకు ఆ శాతం కలిపిన అంకెతో భాగించాలి. 5 శాతం సరుకైతే 1.05తో భాగించండి. అక్కడ ఇంకో సులువు ఉంది: 105లో 5 అంటే 21లో ఒకటి, కాబట్టి మొత్తాన్ని 21తో భాగిస్తే నేరుగా పన్నే వస్తుంది. 1,050 బిల్లుకు పన్ను 50. నేను కాగితం మీద 5 శాతం బిల్లులు చూసేటప్పుడు ఇలాగే చూస్తాను.

ఫోను క్యాలిక్యులేటర్‌లో శాతం గుర్తుతో జాగ్రత్త. చాలా ఫోనుల్లో 47200 నొక్కి, తీసివేత గుర్తు, 18, శాతం గుర్తు నొక్కితే అది 38,704 అనే చెబుతుంది. మీకూ అలాగే వచ్చి ఉంటుంది. యంత్రం తప్పు చెప్పలేదు, మనం అడిగిన ప్రశ్నే వేరు. షాపుల్లో వాడే కొన్ని క్యాలిక్యులేటర్లలో `GST-` అని విడిగా మీట ఉంటుంది. అది భాగహారమే చేస్తుంది. బిల్లులు ఎక్కువగా ఉంటే ఎక్సెల్‌లో మొత్తం `B2` గడిలో, శాతం `C2` గడిలో 18 అని రాసి ఇలా పెట్టుకోండి:

```
=ROUND(B2*100/(100+C2),2)
```

ఇక పైసల సంగతి. మీ 47,200 ముద్దుగా భాగం అయింది కాబట్టి ఇబ్బంది లేదు. మామూలు బిల్లులు అలా ఉండవు. ఒక రంగు డబ్బా 500 రూపాయలు, 18 శాతం కలిపి, అనుకోండి. 500ని 1.18తో భాగిస్తే 423.7288 వస్తుంది, 423.73 అని రాస్తాం. పన్ను 76.27. కానీ మన రాష్ట్రంలోనే కొని మన రాష్ట్రంలోనే వాడే సరుకుకు ఈ పన్ను రెండు సమాన భాగాలు కావాలి, కేంద్రానికి సీజీఎస్టీ 9, రాష్ట్రానికి ఎస్జీఎస్టీ 9. 76.27లో సగం 38.135. అర పైసా రాయడానికి బిల్లులో చోటు లేదు. రెండు వైపులా 38.14 రాస్తే మొత్తం 500.01 అవుతుంది. అందుకే సాఫ్ట్‌వేరు కింద "రౌండ్ ఆఫ్" అని ఒక పైసా తీసేసి 500 చేస్తుంది. ఇలాంటి ఒకటి రెండు పైసల తేడా కనిపిస్తే కంగారు పడకండి. పెద్ద బిల్లులో ఈ రౌండ్ ఆఫ్ కొన్ని పైసలు, మహా అయితే అర్ధ రూపాయి ఉంటుంది. వెనక్కి లెక్క కట్టేటప్పుడు ముందు ఆ వరుసను విడదీసి, దాని పైన ఉన్న మొత్తాన్ని భాగించండి. తేడా రూపాయల్లో ఉంటే మాత్రం అది రౌండ్ ఆఫ్ కాదు, ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో చాలాసార్లు చేతిరాతలో ఉంటుంది. అచ్చు బిల్లు కింద పెన్నుతో "ఆటో 800", "హమాలీ 300" అని రాసి, అన్నీ కలిపి ఒక మొత్తం వేసి ఇస్తుంటారు. షాపు తన బిల్లులోనే రవాణా ఖర్చు చేర్చితే అది సరుకు విలువలో భాగమే, దాని మీదా పన్ను పడుతుంది. అలా కాకుండా ఆటో ఆయనకు మీరు విడిగా ఇచ్చిన డబ్బును గుర్తు కోసం బిల్లు మీద రాసి ఉంటే, దాన్ని తీసేశాకే భాగించాలి. లేకపోతే ఆటో కిరాయిలో కూడా మీకు 18 శాతం పన్ను కనిపిస్తుంది.

లెక్కంతా ఆధారపడేది సరైన శాతం మీద. మీ బిల్లులో 18 అని ఉంది కాబట్టి సరే. కానీ మీ ఇంటి పని ఏడాదికి పైగా నడుస్తుంటే పాత సిమెంటు బిల్లులు కూడా ఉంటాయి, వాటి సంగతి వేరు. సిమెంటు మీద 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 అయింది. ఇనుము మొదటి నుంచీ 18. అందువల్ల సరుకు, బిల్లు, చెల్లింపు అన్నీ ఆ తేదీకి ముందే పూర్తయిన సిమెంటు బిల్లును 1.28తో భాగించాలి.

ఆ మార్పు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఎంగిలిపూల బతుకమ్మ మర్నాడు అది. పొద్దున షట్టరు ఎత్తేసరికే ఇల్లు కట్టుకుంటున్న ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. ఆయనకు 200 బస్తాలు కావాలి. లెక్క సులువుగా ఉండడానికి బస్తా పాత ధర 384 అనుకుందాం. ఆయన వాదన ఇది: "28 నుంచి 18 అయింది. అంటే నూటికి పది తగ్గింది. 384లో పదోవంతు 38 రూపాయల 40 పైసలు తగ్గించాలి." వినడానికి న్యాయంగానే ఉంది కదా. పాత చలానా వెనక్కి తిప్పి రాసి చూపించాను. 384ని 1.28తో భాగిస్తే అసలు ధర 300, పన్ను 84. అదే 300కు ఇప్పుడు 18 శాతం వేస్తే పన్ను 54, మొత్తం 354. తగ్గింది 30 రూపాయలు.

"మరి ఆ పది శాతం ఏమైంది?" అన్నారు.

"ఉంది బాబాయ్, మూడు వందల మీద ఉంది. మూడు వందలకు పదోవంతు ముప్పై" అన్నాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని చలానా రెండుసార్లు చదివారు. 200 బస్తాలకు ఆయన అనుకున్నది 7,680, నిజంగా తగ్గింది 6,000. ఆ 1,680 షాపు మింగేసిందనే ఆయన వచ్చారు. ఆ వారమంతా అలాంటి చలానాలు ఎన్ని రాశానో! 128 నుంచి 118కి దిగితే మీరు కట్టే మొత్తంలో తగ్గుదల నూటికి 7.8 చొప్పునే ఉంటుంది. ఇది పన్ను వల్ల తగ్గే లెక్క మాత్రమే. కంపెనీ ఆ నెలలో తన అసలు ధర పెంచిందా తగ్గించిందా అన్నది వేరే విషయం. దాన్ని పట్టుకోవాలన్నా దారి ఇదే: పాత బిల్లును 1.28తో, కొత్త బిల్లును 1.18తో భాగించి, వచ్చిన రెండు అసలు ధరలు పక్కపక్కన పెట్టి చూడండి. పన్ను పక్కకు పోయాక మిగిలిన తేడా కంపెనీదో షాపుదో అవుతుంది. సిమెంటు బస్తా మీద అచ్చు వేసిన గరిష్ఠ ధరను ఈ లెక్కకు వాడకండి. సాధారణంగా అంతకన్నా తక్కువకే అమ్ముతారు, పన్ను పడేది మీకు వేసిన ధర మీదే.

ఒకే బిల్లులో రెండు శాతాల సరుకు ఉంటే మొత్తాన్ని ఒకే అంకెతో భాగించడం కుదరదు. మీ 47,200 ఇనుము, సిమెంటుకు తోడు అదే బిల్లులో 10,500 రూపాయల కంకర ఉందనుకోండి. కంకర మీద 5 శాతమే. మొత్తం 57,700. దీన్ని 1.18తో భాగిస్తే 48,898 వస్తుంది, అది తప్పు. విడివిడిగా చేస్తే 40,000, 10,000, కలిపి 50,000 అసలు ధర, 7,700 పన్ను. సరుకు వారీగా ధరలు బిల్లులో లేకపోతే, మొత్తం ఒక్కటి పెట్టుకుని ఎవరూ ఏమీ తేల్చలేరు. అయితే మొత్తంతో పాటు పన్ను 7,700 అని కూడా ఉండి, ఉన్నవి 5, 18 శాతాల సరుకులే అని తెలిస్తే దారి ఉంది. మన చిన్నప్పుడు బడిలో కోళ్లు, మేకల కాళ్లు లెక్కపెట్టే లెక్క ఉండేది కదా, అచ్చం అదే. అసలు ధర 50,000. అంతా 5 శాతం సరుకే అయితే పన్ను 2,500 ఉండాలి. 5,200 ఎక్కువ ఉంది. 18 శాతం సరుకు ప్రతి నూరు మీదా 13 ఎక్కువ పడుతుంది. 5,200ని 13తో భాగించి 100తో హెచ్చిస్తే 40,000. అదే 18 శాతం సరుకు, మిగతా 10,000 కంకర.

ఇంత లెక్క చేసే ముందు బిల్లు పైభాగం ఒకసారి చూడండి, నిజానికి ఇదే మొదట చెప్పాల్సింది. అక్కడ 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి, తెలంగాణలో నమోదైన షాపుదైతే అది 36తో మొదలవుతుంది. నంబరు లేకుండా "ఎస్టిమేట్" అని ఉన్న చీటీ అయితే, దాని మీద "జీఎస్టీ కలిపి" అని రాసినా అందులో ప్రభుత్వానికి చేరే పన్ను ఏదీ నమోదు కాలేదు, భాగించినా వచ్చేది ఉత్త అంకె. ఇంకో రకం కూడా ఉంది. నంబరు ఉంటుంది కానీ పైన "బిల్ ఆఫ్ సప్లై" అనీ, కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నామనీ, కొన్నవారి నుంచి పన్ను వసూలు చేయకూడదనీ రాసి ఉంటుంది. చిన్న షాపులు తమ అమ్మకాల మీద కొద్ది శాతం తమ జేబులోంచి కట్టే పద్ధతి అది. ఆ బిల్లులో మీరు కట్టిన పన్ను సున్నా. దాన్ని 1.18తో భాగించకూడదు, దాని మీద 18 శాతం అని రాసి ఉంటే అది షాపును నిలదీయాల్సిన సంగతి.

మీ బిల్లులో 18 శాతం అని ఉండి పన్ను ఎంతో విడిగా లేదంటున్నారు. నమోదైన షాపు పన్ను వసూలు చేస్తే, ఆ పన్ను ఎంతో బిల్లులో చూపించాలి. మీరు సొంత ఇల్లు కట్టుకుంటున్నారు కాబట్టి ఆ 7,200 మీకు వెనక్కి వచ్చేది కాదు. అదే మీ కాంట్రాక్టరు తన వ్యాపారం పేరు మీద కొని ఉంటే, ఇలా వెనక్కి కట్టిన లెక్క చూపించి పన్ను మినహాయింపు అడగలేరు, బిల్లులోనే పన్ను కనిపించాలి. ఈసారి షాపుకు వెళ్లినప్పుడు 47,200 బిల్లు తీసుకెళ్లి, సరుకు 40,000, సీజీఎస్టీ 3,600, ఎస్జీఎస్టీ 3,600 అని మూడు వరుసలున్న ట్యాక్స్ ఇన్వాయిస్ ఇమ్మని అడగండి. ఆయన నోటితో చెప్పిన 40,000 సరైనదే కాబట్టి రాసివ్వడానికి ఇబ్బంది ఉండకూడదు.